ప్రీమియం బ్రాండ్ తగ్గింపు ఇవ్వాల్సి వస్తే: అసలు ధర చెదరకుండా ఆఫర్‌ను రూపొందించడం

తగ్గింపు ప్రకటించిన రోజున ప్రీమియం బ్రాండ్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. కొనాలా వద్దా అని తటపటాయిస్తున్న వారిని కొనుగోలు వైపు నడిపిస్తుంది; అదే సమయంలో ఆ వస్తువు ఎంత తక్కువకు దొరకగలదో కొన్నవారికీ, కొననివారికీ కూడా తెలియజేస్తుంది. మొదటి పని ఫలితం ఆ వారం అమ్మకాల్లోనే కనిపిస్తుంది. రెండో పని ఫలితం కొన్ని నెలలు గడిచి, పూర్తి ధరకు కొనేవారు పలచబడిన తర్వాత గానీ బయటపడదు. అందువల్ల తగ్గింపు వల్ల కలిగిన లాభాన్ని ఆఫర్ ఖాతాలోనూ, నష్టాన్ని మందగించిన మార్కెట్ ఖాతాలోనూ రాసుకోవడం చాలా సంస్థల్లో జరుగుతుంది. ఆఫర్‌ను జాగ్రత్తగా రూపొందించడమంటే ఈ రెండు ఫలితాలను విడదీసి, మొదటిదాన్ని అందుకుంటూనే రెండోదాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచడం.

కొనుగోలుదారు ఏ ధరనూ విడిగా అంచనా వేయడు. తన మనసులో అప్పటికే నిలిచి ఉన్న ఒక ధరతో దాన్ని పోల్చుకుంటాడు. మార్కెటింగ్ రంగంలో దీన్ని రిఫరెన్స్ ధర అంటారు. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో వెలువరించిన వ్యాసంలో కొనుగోలు ఇచ్చే తృప్తిని రెండు భాగాలుగా చూపాడు. వస్తువు విలువకూ చెల్లించిన ధరకూ మధ్య తేడా నుంచి వచ్చేది మొదటి భాగం. మనసులోని ధరకూ చెల్లించిన ధరకూ మధ్య తేడా నుంచి, అంటే బేరం కుదిరిందన్న భావన నుంచి వచ్చేది రెండోది. తగ్గింపు ఆఫర్లు బలంగా పనిచేసేది ఈ రెండో భాగం మీదనే. అయితే మనసులోని ధర స్థిరంగా ఉండదు. 100కు అమ్మే వస్తువు పదే పదే 80కి కనిపిస్తే మనసులోని ధర కూడా మెల్లగా 80 వైపు జరుగుతుంది. ఆ తర్వాత 80 అనేది బేరంగా అనిపించదు, 100 మాత్రం భారంగా అనిపిస్తుంది. 1979లో డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషి ఒకే పరిమాణంలో ఉన్న లాభం కన్నా నష్టాన్ని ఎక్కువగా అనుభవిస్తాడు. ధర 80కి దిగినప్పుడు కలిగిన సంతోషం కన్నా, అది తిరిగి 100కు చేరినప్పుడు కలిగే అసంతృప్తి పెద్దదిగా ఉండటానికి కారణం ఇదే.

ప్రీమియం బ్రాండ్‌కు ఇందులో మరో చిక్కు ఉంది. నాణ్యతను స్వయంగా పరీక్షించలేని వస్తువుల విషయంలో ధరే నాణ్యతకు సూచికగా పనిచేస్తుంది. వాచీలో యంత్రం ఎంత మెరుగైనదో, చర్మానికి రాసుకునే సీరమ్‌లో ఏ పదార్థం ఎంత ఉందో కొనేవారిలో ఎక్కువ మందికి తెలియదు. ధరను చూసి ఊహిస్తారు. ఆ ధరను బ్రాండ్ తనంతట తానే కారణం చెప్పకుండా తగ్గించినప్పుడు, ఊహకు ఉన్న ఆధారాన్ని కూడా తగ్గించినట్టే అవుతుంది.

ఒకసారి కిందికి జారిన రిఫరెన్స్ ధరను పైకి తీసుకురావడం ఎంత కష్టమో చెప్పే ఉదాహరణ ప్రీమియం రంగానికి బయట ఉంది. అమెరికాలోని జేసీ పెన్నీ డిపార్ట్‌మెంట్ స్టోర్లు 2012లో కూపన్లను, తరచూ పెట్టే సేల్‌లను దాదాపుగా తొలగించి, ప్రతిరోజూ ఒకే తక్కువ ధర అనే పద్ధతికి మారాయి. చెల్లించాల్సిన మొత్తం చాలా వస్తువులపై పెద్దగా మారకపోయినా, ఆ ఏడాది అమ్మకాలు సుమారు నాలుగో వంతు పడిపోయాయి. ఆ మార్పును తెచ్చిన ముఖ్య కార్యనిర్వహణాధికారి రాన్ జాన్సన్ 2013 ఏప్రిల్‌లో వైదొలిగాడు, కూపన్లు తిరిగి వచ్చాయి. ఏళ్ల తరబడి తగ్గింపుతో కొన్నవారికి తగ్గింపు లేని ధర, అది నిజానికి తక్కువే అయినా, సరసమైనదిగా అనిపించలేదు. ప్రీమియం శ్రేణిలో కోచ్ అనే హ్యాండ్‌బ్యాగుల సంస్థ అనుభవం దీనికి దగ్గరగానే ఉంటుంది. అవుట్‌లెట్లలోనూ డిపార్ట్‌మెంట్ స్టోర్లలోనూ తరచూ తగ్గింపులు కనిపించడం వల్ల బ్రాండ్ విలువ పలచబడుతోందని గుర్తించిన ఆ సంస్థ, 2016లో ఉత్తర అమెరికాలోని సుమారు 250 డిపార్ట్‌మెంట్ స్టోర్ల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పోయిన విలువను తిరిగి పొందడానికి అమ్మకాలను వదులుకోవలసి వచ్చింది.

తగ్గింపు అసలు ఇవ్వకూడదని దీని అర్థం కాదు. చాలా కొద్ది బ్రాండ్లకు మాత్రమే ఆ స్థోమత ఉంటుంది, వాటికి కూడా మిగిలిపోయిన సరుకు సమస్య తప్పదు. బర్బెరీ సంస్థ 2018లో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన వస్తువులను నాశనం చేసిందని తెలిసి పెద్ద విమర్శ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ పద్ధతిని మానేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. ధరను కాపాడుకోవడానికి సరుకును తగలబెట్టడం సమర్థించదగిన మార్గం కాదు. కాబట్టి ప్రశ్న తగ్గింపు ఇవ్వాలా వద్దా అన్నది కాదు. ఎవరికి, ఏ రూపంలో, ఏ కారణం చెప్పి ఇవ్వాలన్నది.

ముందుగా లెక్క

రూపకల్పనకు ముందు ఒక చిన్న లెక్క అవసరం. తోలు బ్యాగులు అమ్మే ఒక ఊహాత్మక బ్రాండ్‌ను తీసుకుందాం. బ్యాగు ధర 100, తయారీ, ప్యాకింగ్, రవాణా కలిపి ఒక్కో బ్యాగుకు అయ్యే ఖర్చు 40, మిగులు 60. ధరను 20 శాతం తగ్గిస్తే ఖర్చు తగ్గదు కనుక మిగులు 40కి దిగుతుంది. అంటే ధర తగ్గింది ఐదో వంతే అయినా మిగులు తగ్గింది మూడో వంతు. పాత మొత్తం మిగులునే నిలబెట్టుకోవాలంటే అమ్మకాలు 50 శాతం పెరగాలి. తగ్గించిన మొత్తాన్ని కొత్త మిగులుతో భాగిస్తే, అంటే 20ని 40తో భాగిస్తే, ఈ సంఖ్య వస్తుంది. ఖర్చు 60, మిగులు 40 ఉన్న వస్తువు మీద అదే 20 శాతం తగ్గిస్తే అమ్మకాలు రెట్టింపు కావాలి.

అయితే ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. ఆఫర్ సమయంలో పెరిగిన అమ్మకాలన్నీ ఆఫర్ వల్లనే వచ్చాయని, అవి మరే నెల నుంచీ తరలి రాలేదని అది భావిస్తుంది. ప్రీమియం వస్తువుల విషయంలో ఇది చాలా అరుదుగా నిజమవుతుంది. బ్యాగు కొనాలని నెలల తరబడి ఆలోచిస్తున్న వ్యక్తి ఆఫర్ రాగానే కొంటాడు. ఆఫర్ లేకపోయినా మరో ఆరు వారాలకు పూర్తి ధరకే కొని ఉండేవాడు. అతని కొనుగోలును ఆఫర్ సృష్టించలేదు, ముందుకు జరిపింది, పైగా 20 తగ్గించి జరిపింది.

దీన్ని కనిపెట్టడానికి ఒకే నమ్మదగిన మార్గం ఉంది. ఆఫర్ పంపే జాబితాలో కొంత భాగాన్ని యాదృచ్ఛికంగా పక్కన పెట్టి వారికి ఆఫర్ పంపకుండా ఉండటం, ఆపై రెండు వర్గాలనూ ఆఫర్ ముగిసిన తర్వాత కూడా చాలాకాలం పోల్చి చూడటం. మన బ్రాండ్‌కు 50,000 మంది పాత కొనుగోలుదారుల జాబితా ఉందనుకుందాం. 40,000 మందికి రెండు వారాల పాటు 20 శాతం తగ్గింపు పంపి, 10,000 మందిని పోలిక కోసం వదిలేశారు. రెండు వారాల చివర ఆఫర్ అందినవారిలో 2,400 మంది, అంటే 6 శాతం కొన్నారు. ఆఫర్ అందనివారిలో 300 మంది, అంటే 3 శాతం కొన్నారు. అమ్మకాలు రెట్టింపయ్యాయి, 50 శాతం పెరిగితే చాలన్న లెక్క ప్రకారం ఇది ఘన విజయం. ఎక్కువ నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి.

పన్నెండు వారాల వరకు చూస్తే దృశ్యం మారుతుంది. ఆఫర్ అందినవారిలో మొత్తం 4,000 మంది, అంటే 10 శాతం కొన్నారు. అందనివారిలో 900 మంది, అంటే 9 శాతం కొన్నారు. రెండు వారాల్లో కనిపించిన 3 శాతం తేడా పన్నెండు వారాలకు ఒక శాతానికి కరిగిపోయింది. ఇప్పుడు మిగులు లెక్కిద్దాం. ఆఫర్‌లో కొన్న 2,400 మంది వల్ల ఒక్కొక్కరికి 40 చొప్పున 96,000, తర్వాత పూర్తి ధరకు కొన్న 1,600 మంది వల్ల 60 చొప్పున 96,000, మొత్తం 1,92,000 వచ్చింది. ఆఫర్ ఇవ్వకపోయి ఉంటే 40,000 మందిలో 9 శాతం, అంటే 3,600 మంది పూర్తి ధరకు కొనేవారు; 2,16,000 వచ్చేది. రెట్టింపు అమ్మకాలు సాధించిన ఆఫర్ నిజానికి 24,000 పోగొట్టింది. మనసులోని ధరకు జరిగిన హాని ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు.

ఎవరికి, ఏ రూపంలో

ఇదే బ్రాండ్ ఇదే జాబితాతో మెరుగైన ఆఫర్ ఎలా రూపొందించగలదో చూద్దాం. ఎక్కువ తేడా తెచ్చేది ఎంపిక. జాబితాలో గత ఆరు నెలల్లో కొన్నవారు ఉంటారు, కొత్త బ్యాగుల పేజీలను తరచూ చూస్తున్నవారు ఉంటారు, ఏడాదిన్నరకు పైగా తిరిగి రానివారు ఉంటారు. మొదటి రెండు వర్గాలు పూర్తి ధరకు కొనే అవకాశం ఎక్కువ. వారికి తగ్గింపు ఇవ్వడం అంటే చేతికి వచ్చే మిగులును వదులుకోవడం. దూరమైన మూడో వర్గంలో ఆఫర్ లేకుండా కొనేవారు చాలా తక్కువ కాబట్టి, అక్కడ వచ్చే ప్రతి కొనుగోలులో ఆఫర్ నిజంగా తెచ్చిన వాటా పెద్దది. ఈ వర్గంలో 15,000 మంది ఉన్నారని, ఆఫర్ లేకుండా పన్నెండు వారాల్లో 2 శాతం, అంటే 300 మంది కొంటారని, 20 శాతం తగ్గింపు ఇస్తే 4 శాతం, అంటే 600 మంది కొంటారని అనుకుందాం. ఆఫర్ లేకుండా మిగులు 18,000. ఆఫర్‌తో, అందరూ తగ్గింపు ధరకే కొన్నారనుకున్నా, 24,000. మొత్తం జాబితాకు పంపినప్పుడు నష్టం తెచ్చిన అదే తగ్గింపు ఇక్కడ 6,000 లాభం తెచ్చింది.

ఇక రూపం. ధరను తాకకుండా కొనుగోలుకు ఏదైనా జోడించడం ప్రీమియం బ్రాండ్‌కు సాధారణంగా సురక్షితమైన దారి, ఎందుకంటే చెల్లించిన ధర 100గానే గుర్తుంటుంది. ఆపిల్ సంస్థ ఏటా నవంబరు చివరి షాపింగ్ రోజుల్లో తన దుకాణాల్లో ధర తగ్గించడం కన్నా, ఎంపిక చేసిన ఉత్పత్తులతో గిఫ్ట్ కార్డు ఇవ్వడాన్నే ఎంచుకుంటూ వచ్చింది. మన బ్రాండ్ బ్యాగుతో పాటు విడిగా 25కు అమ్మే చిన్న తోలు పర్సును ఇస్తుందనుకుందాం. దాని తయారీ ఖర్చు 9. కొనేవారి దృష్టిలో అందిన విలువ 25, బ్రాండ్ వదులుకున్నది 9. ధర తగ్గింపులో మాత్రం కొనేవారికి అందేదీ బ్రాండ్ వదులుకునేదీ రెండూ 20 చొప్పున సమానమే. మిగులు 51. బహుమతికి స్పందన నేరు తగ్గింపు కన్నా తక్కువగా ఉండవచ్చు. 4 శాతానికి బదులు 3.4 శాతం, అంటే 510 మందే కొన్నారనుకున్నా మిగులు 26,010. తక్కువ మంది కొన్నా మిగులు ఎక్కువ, 100 అనే ధర చెదరలేదు.

బహుమతికి ఒక పరిమితి ఉంది, దాన్ని పట్టించుకోకపోతే హాని మరో చోటికి మారుతుంది. 2004లో ప్రియా రఘుబీర్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక వస్తువును ఉచితంగా ఇచ్చినట్టు చూసినవారు తర్వాత దాన్ని విడిగా కొనడానికి తక్కువ ధర చెల్లించేందుకే ఇష్టపడతారు. ఉచితంగా ఇచ్చిన పర్సుకు మళ్లీ 25 పలకడం కష్టమవుతుంది. కాబట్టి బ్రాండ్‌కు ప్రధాన ఆదాయం తెచ్చే వస్తువును బహుమతిగా ఎంచుకోకూడదు. విడిగా అమ్మకానికి పెట్టని రంగులో చేసిన పర్సు, పేరు చెక్కించడం, జీవితకాల మరమ్మతు వంటివి ఇంకా మేలు. వాటికి మార్కెట్లో పోల్చుకోదగిన ధర లేదు గనుక పడిపోయే ధర కూడా ఉండదు.

కారణం, మాట, లీకు

కొన్నిసార్లు ధరనే తగ్గించాల్సి వస్తుంది, ముఖ్యంగా నిలిపివేస్తున్న మోడళ్ల విషయంలో. అప్పుడు బ్రాండ్‌ను కాపాడేది చెప్పే కారణం. ఈ రంగును ఇకపై తయారు చేయడం లేదు, మిగిలినవి ఇవే అన్నప్పుడు కొనేవారు తగ్గింపును ఆ రంగుకు ఆపాదిస్తారు, బ్రాండ్‌కు కాదు. కారణం నిజమై ఉండాలి. నిలిపివేస్తున్నామని చెప్పిన రంగు మరుసటి సీజన్‌లో తిరిగి కనిపిస్తే ఆ తర్వాత ఏ కారణాన్నీ ఎవరూ నమ్మరు. కారణం లేని తగ్గింపును కొనేవారు తామే వివరించుకుంటారు. అమ్ముడుపోవడం లేదని, లేదా ముందు నుంచీ ధర ఎక్కువ పెట్టారని అనుకుంటారు. ఈ రెండింటిలో ఏదైనా బ్రాండ్‌కు హానికరమే.

తగ్గింపును ఎంత తరచుగా ఇస్తున్నామన్నది కొన్ని దేశాల్లో ఇప్పుడు చట్టపరమైన విషయం కూడా. ఐరోపా సమాఖ్యలో 2022 మే 28 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ధర తగ్గించినట్టు ప్రకటించే వ్యాపారి సాధారణంగా అంతకు ముందు కనీసం 30 రోజుల్లో తాను అమలు చేసిన అతి తక్కువ ధరను మునుపటి ధరగా చూపాలి. మూడు వారాల క్రితం 80కి అమ్మిన బ్యాగును మళ్లీ 80కి పెట్టి, 100 నుంచి తగ్గించామని రాయడం అక్కడ కుదరదు. కొనేవారి మనసులో ధర మెల్లగా కిందికి జరుగుతుందన్న విషయాన్ని ఈ నిబంధన ధర చీటీ మీదకు తెచ్చినట్టయింది.

సందేశంలో ముందు రావలసింది వస్తువు, తర్వాత కారణం, చివర ఆఫర్. దూరమైన కొనుగోలుదారులకు పంపే సందేశం ఇలా ఉండవచ్చు: “మీరు తీసుకున్న బ్యాగుకు జోడీగా ఈ ఏడాది కొత్త ప్రయాణ బ్యాగును రూపొందించాము. మా పాత కొనుగోలుదారులకు దానితో పాటు, అమ్మకానికి పెట్టని రంగులో చేసిన పర్సును నెలాఖరు వరకు అందిస్తున్నాము.” శాతాలు, పెద్ద ఎర్ర అక్షరాలు, తరిగిపోతున్న సెకన్లను చూపే గడియారాలు అక్కరలేదు. అవి స్పందనను కొంత పెంచినా, దృష్టిని వస్తువు నుంచి ధర మీదకు మళ్లిస్తాయి. ప్రీమియం బ్రాండ్ ఏళ్ల తరబడి చేసే ప్రయత్నం సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో ఉంటుంది.

ఎంపిక చేసిన కొద్దిమందికే ఇచ్చిన ఆఫర్ అందరికీ చేరిపోవడం చాలా తరచుగా జరిగే వైఫల్యం. దీనికి మూలం ఎక్కువగా WELCOME20 వంటి, ఎవరైనా టైప్ చేయగల ఉమ్మడి కోడ్. కూపన్ సైట్లు ఇలాంటి కోడ్‌లను త్వరగానే సేకరిస్తాయి. చెల్లింపు పేజీలో కూపన్ కోడ్ కోసం ఖాళీ పెట్టె కనిపిస్తే, అప్పటిదాకా పూర్తి ధరకు సిద్ధపడినవారు కూడా ఎక్కడో తగ్గింపు ఉందేమోనని పేజీ వదిలి వెతకడానికి వెళతారు. ఒక్కో వ్యక్తికి ఒక్కసారే పనిచేసే కోడ్ ఇవ్వడం, ఆఫర్‌ను సందేశంలోని లింకు ద్వారా దానంతట అదే వర్తించేలా చేయడం, పెట్టెను మిగతావారికి కనపడకుండా ఉంచడం దీనికి పరిష్కారాలు. ఆఫర్‌కు కొద్ది రోజుల ముందే పూర్తి ధరకు కొన్నవారి సంగతి కూడా ముందుగానే తేల్చుకోవాలి. వారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, గడిచిన 30 రోజుల్లో కొన్నవారికి అదే పర్సును పంపిస్తే ఒక్కొక్కరికి అయ్యేది 9. బ్రాండ్‌ను ఎక్కువగా నమ్మినవారే తాము మోసపోయామని భావించడం వల్ల జరిగే నష్టం దానికన్నా చాలా పెద్దది.

ఆఫర్ హాని చేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? మొత్తం అమ్మకాల్లో పూర్తి ధరకు జరిగిన వాటా త్రైమాసికం తర్వాత త్రైమాసికం తగ్గుతూ ఉంటే అది తొలి సంకేతం. ఆఫర్‌తో మొదటిసారి కొన్నవారిలో రెండో కొనుగోలు పూర్తి ధరకు చేసినవారు ఎంతమంది అన్నది ఇంకా లోతైన సంకేతం. దీన్ని పూర్తి ధరతో మొదలైనవారి రెండో కొనుగోలుతో పోల్చాలి. రెండింటి మధ్య అంతరం ఆఫర్ నుంచి ఆఫర్‌కు పెరుగుతూ ఉంటే, ఆ ఆఫర్ బ్రాండ్‌కు కొనుగోలుదారులను తీసుకురావడం లేదు, తగ్గింపు కోసం ఎదురుచూసేవారినే పోగుచేస్తోంది. బ్రాండ్ పేరుతో పాటు కూపన్ అనే మాటను కలిపి వెతికేవారి సంఖ్య పెరగడం, ఏటా సేల్ జరిగే నెలకు ముందు నెల అమ్మకాలు ఏడాదికేడాది పలచబడటం కూడా ఇదే విషయాన్ని చెబుతాయి.

అప్పటికే తగ్గింపుల అలవాటులో చిక్కుకున్న బ్రాండ్ ఒక్కరోజులో వాటిని ఆపేయకూడదు. ముందుగా మొత్తం జాబితాకు వెళ్లే ఆఫర్లను తగ్గించి, వాటి స్థానంలో ఎంపిక చేసిన వర్గాలకు బహుమతి రూపంలో ఇవ్వాలి. తర్వాత మిగిలిన నేరు తగ్గింపులను 20 శాతం నుంచి 15కు, 15 నుంచి 10కి దింపుతూ, వాటిని నిలిపివేస్తున్న మోడళ్లకే పరిమితం చేయాలి. ఒక్కో మెట్టు దగ్గరా పోలిక వర్గాన్ని ఉంచి, పన్నెండు వారాల మిగులును చూసిన తర్వాతే తదుపరి మెట్టుకు వెళ్లాలి. ఈ కాలంలో అమ్ముడైన సంఖ్య తగ్గుతుంది, కొన్ని త్రైమాసికాల పాటు తగ్గే ఉంటుంది. అందువల్ల ఈ పని మొదలుపెట్టే ముందే యాజమాన్యమూ అమ్మకాల విభాగమూ దేన్ని లక్ష్యంగా కొలవాలో ఒప్పుకుని ఉండాలి. అమ్మకాల విభాగానికి ప్రోత్సాహకం అమ్మిన సంఖ్య మీద ఆధారపడి ఉన్నంతకాలం, సంఖ్య పడిపోయిన మొదటి నెలలోనే 20 శాతం తగ్గింపు తిరిగి వస్తుంది. ఆ ప్రోత్సాహకాన్ని మిగులుకూ, పూర్తి ధర అమ్మకాల వాటాకూ ముడిపెట్టడం కొత్త ఆఫర్ రూపకల్పన కన్నా ముందు జరగాలి.